ఒకే తండ్రి, ఒకే ఏడాది, రెండు దస్తావేజులు: ఉమ్మడి ఆస్తిని కర్త అమ్మితే ఏది నిలబడుతుంది?

అందరికీ నమస్కారం. ముందు వరసలో దస్తావేజు లేఖరులు కూర్చున్నారు, వెనక జూనియర్ లాయర్లు, ఆ పక్కన రైతులు. ముగ్గురికీ పనికొచ్చేలా మాట్లాడాలంటే సెక్షన్ల లిస్టు చదివితే కుదరదు. అందుకని ఒక కుటుంబం కథ చెబుతాను. నేను చూసిన రెండు మూడు కేసుల్ని కలిపి ఒక్కటిగా చేశాను, అంకెలు లెక్కకు వీలుగా సర్దాను. పేర్లు అడక్కండి.

పల్నాడులో ఒక ఊరు. తండ్రికి ఆరెకరాలు. 1981లో అన్నదమ్ములతో రిజిస్టర్డు పంపకం జరిగినప్పుడు ఆయన వాటాకి వచ్చిన భూమి అది, తాతల నాటిది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. 2009లో పెద్దకొడుక్కి 24, కూతురికి 22, చిన్నవాడికి 15. ఆ ఏడాది తండ్రి రెండుసార్లు అమ్మాడు. మార్చిలో ఊరి లోపలి వైపు రెండెకరాలు పక్క చేను రైతుకి. నవంబరులో రోడ్డు పక్కన ఎకరంన్నర టౌనులో ఉండే ఒక వ్యాపారికి. రెండు దస్తావేజులూ రాసింది ఒకే లేఖరి. రెండింట్లోనూ ఒకే వాక్యం: 'మా కుటుంబ అవసరముల నిమిత్తమున్ను, ఋణ విమోచన నిమిత్తమున్ను ఈ దిగువ షెడ్యూలు ఆస్తిని మీకు విక్రయించడమైనది.' అక్షరం తేడా లేదు.

2018లో చిన్నకొడుకు పార్టిషన్ దావా వేశాడు. రెండు అమ్మకాలూ తనను కట్టిపడేయవని, ఆరెకరాలూ మళ్లీ పంచమని. చివరికి మార్చి అమ్మకం నిలబడింది, నవంబరు అమ్మకం పోయింది. అదే తండ్రి, అదే పిత్రార్జితం, అదే వాక్యం. ఎందుకిలా అయిందో చెప్పడమే ఇవాళ్టి నా పని.

ముందు ఒక్క మాట. ఊళ్లో తండ్రి దగ్గర నుంచి వచ్చిన ప్రతిదాన్నీ పిత్రార్జితం అనేస్తాం. చట్టానికి అది చాలదు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక, తండ్రి స్వార్జితం ఆయన వీలునామా లేకుండా పోయినప్పుడు కొడుక్కి వస్తే, అది ఆ కొడుకు సొంతం. మనవడికి అందులో పుట్టుకతో హక్కు రాదు. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. అలాంటి భూమి అమ్మడానికి ఉమ్మడి కుటుంబాన్ని నడిపే పెద్ద, అంటే కర్త, అవసరం, విచారణ ఇవేవీ అక్కర్లేదు, ఆయన ఇష్టం. మన కథలోది పంపకంలో వాటాగా వచ్చిన తాతల భూమి. పిల్లలకి అందులో పుట్టుకతోనే హక్కు ఉంది. కూతురికి కూడానా అంటే, ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే పెళ్లికాని ఆడపిల్లలకి ఆ హక్కు ఇచ్చారు, 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా ఇచ్చారు. కాబట్టి ఆ ఆరెకరాల్లో వాటాదారులు నలుగురు: తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు. తల్లి మాటేమిటని అడుగుతారు. మన దక్షిణాదిలో తండ్రీ పిల్లల పంపకంలో తల్లికి విడిగా వాటా ఇచ్చే ఆచారం ఎప్పుడో పోయింది. తండ్రి పోయాక ఆయన వాటాలో ఆవిడకి వస్తుంది, అది వేరే లెక్క.

మరి నలుగురి భూమిని ఒక్కడు ఎలా అమ్ముతాడు? దీనికి జవాబు చాలా పాతది. విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో బృహస్పతి శ్లోకం ఒకటి ఎత్తి చూపాడు. 'ఏకోపి స్థావరే కుర్యాద్ దానాధమన విక్రయమ్, ఆపత్కాలే కుటుంబార్థే ధర్మార్థే చ విశేషతః.' ఒక్కడే అయినా స్థిరాస్తిని దానం చేయొచ్చు, తాకట్టు పెట్టొచ్చు, అమ్మొచ్చు. ఎప్పుడు? ఆపద వచ్చినప్పుడు, కుటుంబం కోసం, ధర్మకార్యం కోసం. కళ్యాణి చాళుక్యుల కాలంలో రాసిన గ్రంథం అది. మన కేతన 13వ శతాబ్దంలోనే దాన్ని తెలుగు చేశాడు, కాబట్టి మనవాళ్లకి ఇది ఇంగ్లీషు వాళ్లు వచ్చి నేర్పిన సంగతి కాదు. ఆ శ్లోకంలో 'ఏకోపి' అన్న మాట కర్తకి అధికారం ఇచ్చింది. తర్వాతి మూడు మాటలు ఆ అధికారానికి కంచె వేశాయి. ఇవాళ కోర్టులో మనం చేసే వాదనంతా ఆ కంచె చుట్టూనే తిరుగుతుంది.

ఇంగ్లీషు వాళ్లు చేర్చింది ఇంకొకటి ఉంది. 1856లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, అప్పట్లో మనకి అన్నిటికన్నా పై కోర్టు, హనుమాన్ పర్సాద్ పాండే కేసు తేల్చింది. అక్కడ కర్త లేడు. మైనరు కొడుకు ఆస్తిని చూసుకుంటున్న తల్లి తాకట్టు పెట్టింది. అయినా ఆ తీర్పులో చెప్పిన సూత్రాన్నే తర్వాత కర్తకీ వర్తింపజేశారు. అమ్మేవాడి వైపు నుంచి కాకుండా అవతలివాడి వైపు నుంచి చూడటం అందులో కొత్త. డబ్బు ఇచ్చేవాడు అవసరం ఉందో లేదో విచారించుకోవాలి. నిజాయితీగా, చేతనైనంత విచారించుకుని, అవసరం ఉందని నమ్మి డబ్బు ఇస్తే, తర్వాత ఆ అవసరం నిజంగా లేదని తేలినా అతనికి నష్టం లేదు. ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో వెంటపడి చూడాల్సిన బాధ్యతా అతనిది కాదు.

ఈ రెండో భాగం చాలామందికి తెలియదు. 'అవసరం ఉంది' అని నిరూపించడం ఒక దారి. 'అవసరం ఉందని నేను అడిగి తెలుసుకున్నాను' అని నిరూపించడం ఇంకో దారి. రెంటిలో ఒకటి చాలు. కానీ నిరూపించాల్సింది మాత్రం కొన్నవాడే. దావా వేసిన కొడుకు 'ఇది ఉమ్మడి ఆస్తి, నా వాటా ఉంది' అని చూపించి చేతులు కట్టుకుని కూర్చోవచ్చు. భారమంతా కొన్నవాడి నెత్తిమీదే.

ఇప్పుడు మార్చి అమ్మకంలోకి వద్దాం. రెండెకరాలు, ఎనిమిది లక్షలు. కొన్న రైతు పెద్దగా చదువుకున్నవాడు కాదు. జాగ్రత్తపరుడు, ఆ మాటకొస్తే కొంచెం అనుమానపు మనిషి కూడా. బేరం కుదిరాక అతను నేరుగా 'ఏం బావా, ఇంత భూమి ఎందుకమ్ముతున్నావు?' అని అడిగాడు. కూతురి పెళ్లి మాఘమాసంలో అయింది, మిర్చి కమిషన్ వ్యాపారి దగ్గర రెండు నోట్లు రాశాను, సొసైటీ అప్పు మీద పడింది అని తండ్రి చెప్పాడు. మనవాడు ఆ మాటతో సరిపెట్టుకోలేదు. సొసైటీకి వెళ్లి బాకీ ఎంతో కాగితం మీద రాయించుకున్నాడు. 2007 మార్చి దాటాక తీసుకున్న అప్పు కావడంతో 2008 మాఫీలోకి రాలేదు. వడ్డీతో కలిపి 2,60,000 తేలింది. కమిషన్ వ్యాపారి దగ్గర నోట్లు చూశాడు, రెండూ కలిపి 3,40,000, తేదీలు జనవరివి. పెళ్లికి ఎలాగూ వెళ్లి భోజనం చేసి వచ్చినవాడే. (సభలో నవ్వులు)

తర్వాత డబ్బిచ్చిన తీరు చూడండి. సొసైటీ బాకీని తన అకౌంటు నుంచే చెక్కుగా సొసైటీ పేరు మీద ఇచ్చాడు, రసీదు జిరాక్సు తీసుకున్నాడు. కమిషన్ వ్యాపారిని రిజిస్ట్రేషన్ రోజు అక్కడికే పిలిపించి, డబ్బు కట్టి, రెండు నోట్ల వెనకా చెల్లు రాయించి వాటిని తన దగ్గరే పెట్టుకున్నాడు. మిగిలిన రెండు లక్షలు తండ్రి చేతికిచ్చాడు. దాంట్లోంచి 70,000 పెట్టి తండ్రి మిగతా భూమిలో బోరు వేయించి మోటారు దింపాడు. బిల్లు దొరికింది. తక్కిన 1,30,000 ఏమైందో ఎవరికీ తెలియదు. తండ్రికీ గుర్తు లేదు.

కోర్టులో నేను ఆ రైతు తరఫున ఉన్నాను. తొమ్మిదేళ్ల తర్వాత అతను ట్రంకుపెట్టెలోంచి ఒక పాలిథిన్ కవరు తీసి నా టేబులు మీద పెట్టాడు. సొసైటీ రసీదు, చెల్లు రాసిన రెండు నోట్లు, పెళ్లి శుభలేఖ. శుభలేఖ ఎందుకు దాచావయ్యా అంటే, 'ఏమోనండి, పారేయబుద్ధి కాలేదు' అన్నాడు. అన్నీ ఎగ్జిబిట్లుగా మార్క్ చేయించాం. అవతలి వైపు వాదన ఏమిటంటే, ఎనిమిది లక్షల్లో 1,30,000కి లెక్క లేదు, అవసరానికి మించి అమ్మాడు, కాబట్టి అమ్మకం చెల్లదని. ఆ వాదన కొత్తది కాదు. 1927లో ప్రీవీ కౌన్సిల్ ముందుకి వచ్చిన కృష్ణదాస్ కేసులో ధర 3,500 రూపాయలు, అవసరం తేలింది 3,000కి. అప్పుడు వాళ్లు ఏమన్నారంటే, రూపాయి రూపాయికీ లెక్క అడగొద్దు, ఆ అమ్మకం మొత్తం మీద సమర్థనీయమా కాదా చూడండి అన్నారు. 1962లో సుప్రీంకోర్టు కూడా అదే దారిలో నడిచింది. కొన్నవాడు నిజాయితీగా విచారించుకుని, అమ్మకానికి అవసరం ఉందని చూపించగలిగితే, మిగులు ఏమైందో అతన్ని అడగనక్కర్లేదు. మన లెక్కలో 8,00,000కి 6,70,000 తేలింది. భూమిని లక్షల లెక్కన ముక్కలు కోసి అమ్మలేం కదా. అమ్మకం నిలబడింది.

అయితే దీన్ని అలుసుగా తీసుకోకండి. ఎనిమిది లక్షలకి అమ్మి రెండు లక్షల అవసరమే చూపించి ఉంటే తీర్పు ఇంకోలా వచ్చేది. అర ఎకరం అమ్మితే తీరే అప్పుకి రెండెకరాలు ఎందుకమ్మాడన్న ప్రశ్నకి జవాబు ఉండదు. అలాంటప్పుడు, తేలిన అవసరం మేరకు డబ్బు కొన్నవాడికి తిరిగిచ్చి భూమి తీసుకోండని పిల్లలకి షరతు పెట్టి అమ్మకాన్ని రద్దు చేసే అవకాశం ఉంది. ఇంత శాతం అని గీత ఎక్కడా లేదు. జడ్జి అమ్మకం మొత్తాన్నీ చూస్తాడు.

దస్తావేజులో రాసిన వాక్యం మాటకొస్తే, లేఖరులు నొచ్చుకోకండి, ఆ వాక్యానికి సాక్ష్యంగా దాదాపు విలువ లేదు. అమ్మేవాడే రాయించిన మాటని అమ్మకానికి రుజువుగా ఎలా తీసుకుంటారు? అందరూ పోయి, యాభై అరవై ఏళ్లు గడిచి, వేరే సాక్ష్యం దొరికే వీలే లేనప్పుడు దానికి కొంత బరువు వస్తుంది. 1916లో ప్రీవీ కౌన్సిల్ అంత పాత దస్తావేజుల గురించి ఆ మాట చెప్పింది. తొమ్మిదేళ్ల నాటి దానికి రాదు. అలాగని ఏమీ రాయొద్దని కాదు. 'కుటుంబ అవసరముల నిమిత్తము' అని వదిలేయకుండా, ఏ సొసైటీకి ఎంత బాకీ, ఏ తేదీ నోటు, చెక్కు నంబరు ఎంత, ఇవి రాయండి. అప్పుడు ఆ వాక్యం రేపు తీసి చూపించే రసీదుతో సరిగ్గా సరిపోతుంది. కోర్టు నమ్మేది ఆ సరిపోవడాన్నే.

ఇక నవంబరు అమ్మకం. రోడ్డు పక్కన ఎకరంన్నర, ఆరు లక్షలు. తండ్రి ఒక స్నేహితుడితో కలిసి లారీ కొనాలనుకున్నాడు. తరతరాలుగా వాళ్లది వ్యవసాయ కుటుంబం, లారీల వ్యాపారం ఎన్నడూ చేసినవాళ్లు కారు. కొన్న వ్యాపారికి ఈ సంగతి పూర్తిగా తెలుసు. తెలియడమే కాదు, ఆ లారీ బేరం చూపించింది కూడా ఆయనే.

కుటుంబం ఎప్పటి నుంచో చేస్తున్న వ్యాపారం ఉంటే, దాన్ని నడపడానికి, నిలబెట్టడానికి కర్త అప్పు చేయొచ్చు, అమ్మొచ్చు. కొత్త వ్యాపారం మొదలుపెట్టి దాని రిస్కు మైనర్ల నెత్తిన వేసే అధికారం మాత్రం కర్తకి లేదు. 1932లో బెనారస్ బ్యాంకు కేసులో ప్రీవీ కౌన్సిల్ ఈ మాట చెప్పింది. వ్యాపారి తరఫు లాయరు 'ఆస్తికి లాభం కోసం' అన్న వాదన ఎత్తుకున్నాడు. అది కూడా ఉన్నదే. కేవలం ఆపద తప్పించుకోవడానికే కాక, తెలివైన యజమాని ఎవరైనా చేసే పనైతే, చేసేనాటికి కుటుంబానికి మేలు కలుగుతుందని అనిపించేదైతే, కర్త అమ్మొచ్చు. బల్ముకుంద్ కేసులో 1964లో సుప్రీంకోర్టు దీన్ని వివరించింది. ఉదాహరణకి దూరాన ఉన్న చవుడు ముక్క అమ్మి ఇంటి దగ్గర మాగాణి కొనడం అలాంటిది. అయితే ఆ కేసులోనే ఇంకో మాట ఉంది. కుటుంబంలో పెద్దవాళ్లయిన వాటాదారులు ఉంటే, ఇలాంటి మేలు కోసం చేసే అమ్మకంలో వాళ్లని సంప్రదించాలి. ఆపద వచ్చినప్పుడు కర్త ఒక్కడే నిర్ణయించొచ్చు. మేలు అనేది మాత్రం అభిప్రాయం మీద ఆధారపడేది కదా, అందుకని ఇంట్లో వాళ్ల మాట వినమంటుంది కోర్టు. రోడ్డు పక్క భూమి అమ్మి లారీలో పెట్టడాన్ని ఏ జడ్జీ మేలు అనలేదు.

వ్యాపారిని క్రాస్ చేసినప్పుడు నేను అక్కడే కూర్చుని ఉన్నాను. 'మీరు కొనేముందు అమ్మకం ఎందుకో విచారించారా?' 'పెద్దమనిషి ఆయన, అడగాల్సిన పనేముందండీ.' 'పిల్లలతో మాట్లాడారా?' 'ఇంటి యజమాని ఉండగా పిల్లలతో నాకేం పని?' మనూళ్లలో ఇది మర్యాదగల జవాబే. కోర్టులో మాత్రం ఆ రెండు జవాబులతోనే కేసు అయిపోయింది.

ఆయనకి ఇంకో దెబ్బ కూడా తగిలింది, అది చేతులారా తెచ్చుకున్నది. ఆరు లక్షలకి కొని, స్టాంపు ఖర్చు తగ్గుతుందని దస్తావేజులో ప్రభుత్వ విలువ 2,10,000 మాత్రమే రాయించాడు. మార్చిలో కొన్న రైతు మొత్తం ఎనిమిది లక్షలూ రాయించాడు, దాని మీద స్టాంపు కట్టాడు, ఊళ్లో నవ్వారు కూడా. తొమ్మిదేళ్ల తర్వాత వ్యాపారి 'నేను ఆరు లక్షలు ఇచ్చాను' అంటే, దస్తావేజు 2,10,000 అంటోంది. తక్కువ ధరకి అమ్మాడన్న అనుమానం అవసరాన్ని ఇంకా బలహీనం చేస్తుంది. అదే ఏడాది పక్క సర్వే నంబరులో లోపలి భూమి ఎకరం నాలుగు లక్షలకి రిజిస్టరైంది, అది మన మార్చి దస్తావేజే. దాని పక్కన రోడ్డు ముక్క ఎకరం లక్షన్నర కంటే తక్కువకి పోయినట్టు కనిపిస్తే జడ్జి ఏమనుకోవాలి?

ఆ దస్తావేజు మీద పెద్దకొడుకు సాక్షి సంతకం ఉంది. వ్యాపారి దాన్ని పెద్ద ఆయుధంలా వాడాడు, 'చూడండి, కొడుకు ఒప్పుకున్నాడు' అని. సాక్షి సంతకం అంటే రాసిచ్చినవాడు సంతకం పెట్టడం చూశాను అన్నంత వరకే. లోపల ఏముందో తెలుసనిగానీ, ఒప్పుకున్నాననిగానీ దానంతట అది చెప్పదు. అతనికి విషయం తెలుసని, డబ్బులో వాటా తీసుకున్నాడని వేరే సాక్ష్యంతో చూపించి ఉంటే కథ మారేది. అలాంటి సాక్ష్యం రాలేదు. పెద్దకొడుకుని సాక్షిగా కాకుండా అమ్మేవాళ్లలో ఒకడిగా కూర్చోబెట్టి ఉంటే కనీసం అతని వాటా అయినా దక్కేది. లేఖరిగారికి రెండు నిమిషాల పని అది.

ఇక కాలపరిమితి. మా ఇద్దరు ప్రతివాదులం కలిసి చేసిన వాదన ఒకటే, అదీ ఓడిపోయింది. చిన్నవాడు 2012లో మేజరయ్యాడు, మూడేళ్లలో అంటే 2015 లోపు దావా వేయాలి, 2018లో వేశాడు కాబట్టి గడువు దాటిందన్నాం. ఆ మూడేళ్ల లెక్క గార్డియన్ మైనరు సొంత ఆస్తిని అమ్మినప్పటిది, లిమిటేషన్ చట్టంలో 60వ ఆర్టికల్. తండ్రి పిత్రార్జితాన్ని అమ్మితే దాన్ని రద్దు చేయించడానికి 109వ ఆర్టికల్ ఉంది. కొన్నవాడు స్వాధీనంలోకి వచ్చిన రోజు నుంచి పన్నెండేళ్లు. 2009లో స్వాధీనం, 2021 దాకా గడువు. ఉమ్మడి ఆస్తి కొన్నవాళ్లు పన్నెండేళ్లు ఆ పాలిథిన్ కవరు జాగ్రత్తగా దాచుకోవాలి.

(సభ నుంచి ఒకరు: మైనరు ఉంటే జిల్లా కోర్టు పర్మిషన్ లేకుండా అమ్మడం చెల్లదంటారు కదండీ?)

మంచి ప్రశ్న. మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో 8వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. కానీ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో మైనరుకి ఉన్న విడిపోని వాటాకి అది వర్తించదు. 1996లో నారాయణ్ బల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కర్త కుటుంబం మొత్తం తరఫున అమ్ముతాడు, మైనరు వాటాని విడదీసి అమ్మడు. ఇక్కడ దస్తావేజుల్లో ఒక గందరగోళం ఉంది. 'నా స్వంతానికిన్నీ, మైనరు కుమారుని గార్డియనుగానున్నూ' అని రాస్తుంటారు. కోర్టు పేరు కాక పదార్థం చూస్తుంది గానీ, ఆ రాత వల్ల వాదనకి తలుపు తెరుచుకుంటుంది. 'ఉమ్మడి కుటుంబ కర్త హోదాలో' అని రాయండి. కానీ జాగ్రత్త. తండ్రి పోయాక ఆయన స్వార్జితం తల్లికీ మైనరు పిల్లలకీ వారసులుగా వచ్చిందనుకోండి. అది ఉమ్మడి కుటుంబ ఆస్తి కాదు, ఎవరి వాటా వారిది. అక్కడ తల్లి మైనర్ల వాటా అమ్మాలంటే పర్మిషన్ తప్పదు. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. లింకు డాక్యుమెంట్లు వెనక్కి చదివితే గానీ తేడా తెలియదు.

(మరొకరు: మా నాన్న అమ్మబోతున్నాడని తెలిస్తే ఇంజంక్షన్ తెచ్చుకోవచ్చా?)

అమ్మకుండా ఆపమంటూ కర్త మీద వాటాదారు ఇంజంక్షన్ దావా వేయడం కుదరదు. 1988లో సునీల్ కుమార్ కేసులో తేలిపోయింది. అమ్మాక అవసరం లేదని చూపించి రద్దు చేయించుకోవచ్చు, ముందే చేతులు కట్టేయలేం. ఎందుకంటే ప్రతి అమ్మకానికీ కొడుకు కోర్టుకి వస్తే కర్త ఉన్నా లేనట్టే. నీకు 18 నిండితే ఒక దారి ఉంది బాబూ. పార్టిషన్ దావా వేస్తే, లేదా విడిపోతున్నానని తేటతెల్లంగా నోటీసిస్తే, ఉమ్మడి తెగిపోతుంది. నీ వాటా మీద ఆయనకి కర్తగా ఉన్న అధికారం అక్కడితో అయిపోతుంది. దావా నడుస్తుండగా కొన్నవాడు ఆ దావా ఫలితానికి కట్టుబడే కొంటాడు. కానీ ఇంట్లో పొయ్యి వేరుపడటం దాకా వెళ్లే నిర్ణయం అది. వేసే ముందు మేనమామనో ఎవరినో పంపి మాట్లాడించు.

(ఒక జూనియర్ లాయరు: సార్, 2021లో వచ్చిన తీర్పు ప్రకారం కొడుకు సంతకం అక్కర్లేదు కదా? మరి కొనేవాడు ఎందుకు తిరగాలి?)

నువ్వు చెప్పేది బీరెడ్డి దశరథరామిరెడ్డి కేసు. అందులో కర్త అమ్మకపు ఒప్పందం రాసిచ్చాడు, కొడుకు సంతకం లేదని హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు దాన్ని తప్పన్నది. కర్త సంతకం చాలు. నిజమే. కానీ దాన్ని పూర్తిగా చదువు. అక్కడ అవసరం ఉందని తేలింది కాబట్టి సంతకం లేకపోయినా నిలబడింది. సంతకం లేకపోతే చెల్లదన్నది తప్పు. అవసరం లేకపోయినా చెల్లుతుందన్నది ఇంకా పెద్ద తప్పు. మేజర్లయిన పిల్లలందరూ, ఆడపిల్లలతో సహా, అమ్మేవాళ్లుగా సంతకం చేస్తే అవసరం నిరూపించే బాధ చాలావరకు తప్పుతుంది. సమ్మతి ఇవ్వలేనివాడు మైనరొక్కడే. వాడున్న ఇంట్లో విచారణ తప్పదు.

(ఒక రైతు: మరి ఆ వ్యాపారి డబ్బంతా పోయినట్టేనా అయ్యా?)

పోలేదు, పూర్తిగా పోలేదు. ఇలాంటి అమ్మకం మొదటి నుంచీ చెల్లనిది కాదు. వాటాదారులు కాదన్నప్పుడే, వాళ్ల వాటా మేరకే పడిపోతుంది. మన మద్రాసు సంప్రదాయంలో తన విడిపోని వాటాని డబ్బుకి అమ్ముకునే హక్కు వాటాదారుకి ఎప్పటి నుంచో ఉంది. కాబట్టి తండ్రి నాలుగో వంతు మాత్రం వ్యాపారికి చేరినట్టే. ఉత్తరాదిలో కొన్నిచోట్ల ఈ వెసులుబాటు కూడా లేదు, మొత్తం పోయేది. అయితే ఆ నాలుగో వంతు పట్టుకుని నేరుగా చేలో దిగలేడు, పంపకం జరిగి ముక్క తేలాలి.

ఇక్కడ దావా మొత్తం భూమి మీద వేశారు కాబట్టి ఆయనకి కొంచెం కలిసొచ్చింది. రెండెకరాలు పోగా మిగిలింది నాలుగెకరాలు: రోడ్డు పక్క ఎకరంన్నర, లోపల రెండున్నర. తండ్రి వాటాని వీలైనంత వరకు ఆయన అమ్మిన రోడ్డు ముక్కలోనే పడేయమని వ్యాపారి కోర్టుని అడిగాడు. మిగతావాళ్లకి అన్యాయం జరగనంత వరకు కోర్టులు ఇలా సర్దుతాయి. ప్రిలిమినరీ డిక్రీ అలాగే వచ్చింది. ఎకరం వస్తుందని ఆయన సంబరపడ్డాడు. ఫైనల్ డిక్రీ దగ్గర అడ్వొకేట్ కమిషనర్ వచ్చి విలువ కట్టాడు. రోడ్డు పక్క ఎకరం 40 లక్షలు, లోపల 24 లక్షలు. ఎకరంన్నర 60 లక్షలు, రెండున్నర 60 లక్షలు, మొత్తం కోటీ ఇరవై. నాలుగో వంతు 30 లక్షలు. రోడ్డు ముక్కలో 30 లక్షలంటే 75 సెంట్లు. కొన్నదాంట్లో సగం. మిగతా సగానికి తండ్రి మీద డబ్బు దావా వేసుకోవచ్చు, వేశాడు కూడా. కానీ తండ్రి వాటా అంతా ఆ 75 సెంట్లలోనే అయిపోయింది, లారీ ఎప్పుడో తుక్కుకింద పోయింది. డిక్రీ వస్తే దేని మీద అమలు చేస్తాడో ఆయన లాయరుకి కూడా తెలియదు.